నర్సు నోట్సు ఇంగ్లీషులోకి: ఉన్నదున్నట్టు మార్చాలా, ఎస్‌బార్‌లో పెట్టాలా?

అమ్మనో నాన్ననో మెల్‌బోర్న్‌కో మాంచెస్టర్‌కో తీసుకెళ్తున్నవాళ్ళు ఈమధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. డిశ్చార్జ్ సమ్మరీ ఎలాగూ ఇంగ్లీషులోనే ఉంటుంది, దానితో పేచీ లేదు. ఆ తర్వాత నెలల తరబడి ఇంటికొచ్చిన నర్సులు లాంగ్ నోట్‌బుక్‌లో తెలుగులో రాసిన డ్యూటీ నోట్సు, సంరక్షణ ప్లాను ఉంటాయి కదా, వాటిని అక్కడి ఆసుపత్రికి ఎలా ఇవ్వాలన్నదే సమస్య. వాక్యానికి వాక్యం మార్చి ఇవ్వడం ఒక దారి. వాళ్ళకు అలవాటైన ఎస్‌బార్ వరసలో, అంటే పరిస్థితి, పూర్వాపరాలు, అంచనా, సిఫారసు అని నాలుగు భాగాలుగా తిరగరాసి ఇవ్వడం ఇంకో దారి.

ఎస్‌బార్ వైపు బలమైన కారణమే ఉంది. అమెరికా నౌకాదళంలో పుట్టిన ఈ పద్ధతిని కైజర్ పర్మనెంటే ఆసుపత్రులు వైద్యంలోకి తెచ్చాయి, అక్కణ్ణుంచి చాలా దేశాలకు పాకింది. ఆస్ట్రేలియాలో ముందు ‘ఎవరు’ అన్నది కూడా కలిపి ఐఎస్‌బార్ అంటారు. వార్డులో నర్సుకు అది చేతికిస్తే నిమిషంలో చదివేస్తుంది. మన నోట్‌బుక్ పది పేజీలు ఇస్తే పక్కన పెట్టేస్తుంది. నిజమే.

అయినా డ్యూటీ నోట్సు విషయంలో నేను ఉన్నదున్నట్టు మార్చడం వైపే ఉంటాను. ఎందుకో ఒక పేజీ చూస్తే తెలుస్తుంది. షుగరు, పక్షవాతం ఉన్న ఒక పెద్దాయన నోట్‌బుక్‌లో ఇలా ఉందనుకోండి:

“14వ తేదీ, నైట్ డ్యూటీ. 9 గంటలకు షుగర్ 268. ఇన్సులిన్ 16 ఇచ్చాను. 2 గంటలకు చెమటలు పట్టాయట, వాళ్ళమ్మాయి పంచదార నీళ్ళు తాగించారట. నేను చూస్తే 92 ఉంది. నడుం కింద పుండు రూపాయి బిళ్ళంత ఉంది. డ్రెస్సింగ్ చేశారు.”

దీన్ని ఎస్‌బార్‌లో పెట్టేవాళ్ళు దాదాపు ఖాయంగా రాసే మాట: 14వ తేదీ రాత్రి రెండింటికి షుగర్ పడిపోయింది, నోటి ద్వారా చక్కెర ఇచ్చి సరిచేశారు. చదవడానికి శుభ్రంగా ఉంది. కానీ అందులో మూడు తప్పులున్నాయి. మొదటిది తేదీ. నైట్ డ్యూటీ 14న మొదలైంది కాబట్టి నర్సు పైన 14 అని వేసింది, రెండు గంటలయ్యేసరికి 15 వచ్చేసింది. ఇరవైనాలుగు గంటల లెక్కలో అది 15వ తేదీ 02:00. రెండోది, చెమటలు పట్టడం నర్సు చూడలేదు, కూతురు చెప్పింది. ఆ ‘ట’ ఇంగ్లీషులోకి రాకపోతే విన్నది చూసినట్టయిపోతుంది. మూడోది అన్నిటికన్నా పెద్దది: షుగర్ పడిపోయిందని ఎవరూ కొలవలేదు. కొలిచింది పంచదార నీళ్ళు తాగాక, అప్పుడు 92. పడిపోయే ఉండొచ్చు. జ్వరం దిగి చెమటలు పట్టి ఉండొచ్చు, గుండెకు సంబంధించినదీ కావచ్చు. ఆ ఒక్క మాట నమ్మి అక్కడి డాక్టరు ఇన్సులిన్ తగ్గిస్తే, ఆ నిర్ణయం అనువాదం చేసినవాళ్ళు తీసుకున్నట్టే.

ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు అన్నవి పోకుండా నిలిచేది వరసగా మార్చినప్పుడే. పై పేజీని నేనైతే ఇలా మారుస్తాను: 14వ తేదీ 21:00కి షుగర్ డెసిలీటరుకు 268 మిల్లీగ్రాములు, అంటే లీటరుకు 14.9 మిల్లీమోల్స్, ఇన్సులిన్ 16 యూనిట్లు, ఇచ్చింది నోట్సు రాసిన నర్సు. 15వ తేదీ 02:00కి చెమటలు, కూతురు చెప్పిన ప్రకారం. పంచదార నీళ్ళు ఇచ్చింది కూతురు, ఎంతో రాయలేదు. ఆ తర్వాత నర్సు చూసిన షుగర్ 92, అంటే 5.1, టైము రాయలేదు. పుండు రూపాయి బిళ్ళంత, కొలత తీసుకోలేదు. డ్రెస్సింగ్ జరిగింది, ఎవరు చేశారో లేదు.

ఆ చివరి మాట చూడండి. ఇన్సులిన్ దగ్గర ‘ఇచ్చాను’ అన్న నర్సు, డ్రెస్సింగ్ దగ్గర ‘చేశారు’ అంది. అంటే చేసింది తను కాదు. కర్త లేకుండా వాక్యం నడిపించడం మనకు అలవాటు, ఇంగ్లీషులో ఎవరో ఒకరిని కూర్చోబెట్టాలనిపిస్తుంది. కూర్చోబెట్టకండి. ‘రాయలేదు’ అని పెడితే అక్కడివాళ్ళు ఫోన్ చేసి అడుగుతారు. రూపాయి బిళ్ళ కూడా అంతే. పాతవి పెద్దవి, కొత్తవి చిన్నవి. ‘సుమారు 2 నుంచి 2.5 సెంటీమీటర్లు, అనువాదకుల అంచనా’ అని పక్కన రాయండి, నర్సు కొలిచినట్టు మాత్రం రాయకండి.

షుగర్‌ను 18తో భాగిస్తే బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో వాడే సంఖ్య వస్తుంది. అమెరికాకైతే మార్చక్కర్లేదు. రెండూ పక్కపక్కన రాస్తే సరిపోతుంది.

ఏ పద్ధతిలో రాసినా ఇన్సులిన్ దగ్గర మాత్రం ఆగాలి. మన దగ్గర వయల్స్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, వాటికి 40 గీతల సిరంజి వేరే. పెన్నులు 100వి. బయటి దేశాల్లో మామూలుగా వాడేది 100దే. ఇక్కడి 40 వయల్‌లో 16 యూనిట్లంటే 0.4 మిల్లీలీటరు. అక్కడి ఇన్సులిన్ 0.4 మిల్లీలీటరు తీస్తే 40 యూనిట్లు, రెండున్నర రెట్లు. అందుకే మిల్లీలీటర్లలో ఎప్పుడూ రాయకండి. వయలా, పెన్నా అని ఇంట్లోవాళ్ళను అడిగి, లేబుల్ ఫోటో తెప్పించుకుని, 40 బలం వయలో, 100 బలం పెన్నో లేబుల్‌లో ఉన్నట్టే పక్కన రాయండి. ‘యూనిట్స్’ అన్న మాట ఇంగ్లీషులో పూర్తిగా రాయాలి. ఒక్క ‘యు’ అక్షరం పెడితే సున్నాలా కనబడి 16 కాస్తా 160 అయ్యే ప్రమాదం ఉంది. ఇంట్లోవాళ్ళకు కూడా ఒక మాట చెప్పండి, 40 గీతల సిరంజిలు సూట్‌కేసులో పెట్టుకుని వెళ్ళొద్దని.

సంరక్షణ ప్లాను సంగతి వేరు. అక్కడ నేను ఎదుటి పక్షానికే ఓటేస్తాను. ప్లాను అంటే జరిగింది కాదు, జరగాల్సింది. ఎవరు చూశారన్న గొడవ లేదు. సమస్య, లక్ష్యం, చేయాల్సిన పని, ఫలితం అని గళ్ళు గీసి నింపితే పోయేదేమీ లేదు. పైగా అడ్మిట్ అయ్యాక వాళ్ళ ప్లాను వాళ్ళు ఎలాగూ రాసుకుంటారు. వాళ్ళకు పనికొచ్చేది ఇంటి అలవాట్లు: ఎడమ వైపు బలం లేదు, కుడి పక్కకు తిప్పితేనే నిద్రపోతారు, మాత్ర మింగరు, అరటిపండు గుజ్జులో పెడితే మింగుతారు, సాయంత్రం రాగి జావ ఒక గ్లాసు. జావలో పంచదార ఎంతో కూడా రాయండి, షుగర్ లెక్కకు కావాలి. ఒకటే జాగ్రత్త. ‘రెండు గంటలకోసారి తిప్పాలి’ అన్నది పని గడిలోనే ఉండాలి. ఫలితం గడిలోకి జారితే తిప్పినట్టే చదువుకుంటారు.

నోటరీ స్టాంపుతో ఏజెన్సీ చేసే అనువాదం బీమాకో వీసాకో అడిగితే చేయించండి, వార్డులో ఆ స్టాంపును ఎవరూ చూడరు. నర్సమ్మకు ఇంగ్లీషు వస్తే ప్రయాణానికి వారం ముందు నుంచి ఆమెనే ఇంగ్లీషులో రాయమనండి, పాత పేజీలు మాత్రం తిరగరాయించకండి.

మరి పది పేజీల సమస్య? మొత్తం నోట్‌బుక్ మార్చక్కర్లేదు. చివరి మూడు నాలుగు రోజులవి, వాటితోపాటు పడిపోవడం, జ్వరం, షుగర్ తేడా రావడం లాంటివి జరిగిన రోజులవి చాలు. పైన ఒక్క పేజీ ఎస్‌బార్ పెట్టండి, తప్పులేదు. కాకపోతే అందులో అంచనా గడి ఇక్కడి నర్సు, సిఫారసు గడి ఇక్కడి డాక్టరు నింపి సంతకం చేయాలి. వాళ్ళు దొరక్కపోతే ఆ రెండు గళ్ళూ ఖాళీగా వదిలేయండి. ప్రతి అనువాదం పేజీ మీద అసలు నోట్‌బుక్ పేజీ నంబరు వేసి, ఆ పేజీ ఫోటో వెనక జత చేయండి. తెలుగు వచ్చిన స్టాఫ్ అక్కడ ఎవరైనా ఉంటే సరిచూసుకుంటారు.