వీడియోలను తేదీలవారీగా సర్దే ప్రోగ్రామ్ కొనే ముందు ఇది చదవండి

ఇంట్లో పేరుకుపోయిన వేల వీడియోలను తీసిన తేదీని బట్టి ఫోల్డర్లలో సర్ది, అన్నిటికీ ఒకే పద్ధతిలో పేర్లు పెడుతుందని చెబితే ఒక ప్రోగ్రామ్ కొన్నాను. వీడియో లోపల నమోదైన తేదీనే చదువుతుందని ప్రకటనలో రాశారు. అది సగమే నిజం. అసలు వీడియోలు వేరే డిస్కులో భద్రంగా ఉండబట్టి, పక్కపక్కన పెట్టి పోల్చగలిగాను. లేకపోతే ఏది ఎక్కడ తప్పిందో తెలిసేదే కాదు.

మొదట కంటబడింది విపరీతంగా ఉబ్బిన ఒక నెల ఫోల్డర్. పాత డిస్కు నుంచి కొత్త డిస్కుకు వీడియోలు కాపీ చేసిన నెల అది. లోపల తేదీ లేని ప్రతి వీడియోకూ ఈ ప్రోగ్రామ్ విండోస్ చూపించే ఫైలు సృష్టి తేదీని తీసుకుంది. కాపీ చేసినప్పుడు విండోస్‌లో ఆ తేదీ కాపీ చేసిన రోజుకు మారిపోతుంది. కాబట్టి ఏళ్ల కిందటి వీడియోలన్నీ ఒకే రోజున తీసినట్లు తేలాయి. లోపలి తేదీ దొరకలేదని ఒక్క మాట కూడా తెరమీద చెప్పలేదు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఈ మౌనమే.

రెండో తప్పు మరింత లోతైనది. ఎంపీ4, ఎమ్‌ఓవీ ఫైళ్లలో సృష్టి సమయాన్ని 1904 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగా, ప్రపంచమంతటికీ ప్రామాణికమైన యూటీసీ సమయంలో రాయాలన్నది నియమం. ఫోన్లు సాధారణంగా అలాగే రాస్తాయి. మీ గడియారం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందుంటే, 2016 జనవరి 1న రాత్రి 12.10కి ఫోనులో తీసిన వీడియోలో 2015 డిసెంబర్ 31, 18.40 అని ఉంటుంది. ప్రోగ్రామ్ దాన్ని ఉన్నదున్నట్లు తీసుకుని 2015 డిసెంబర్ ఫోల్డర్‌లో పడేసింది. తెల్లవారుజామున తీసిన ప్రతి వీడియో ఇలాగే ముందు రోజుకు వెళ్లిపోయింది.

దీనికి సెట్టింగ్ ఉందని అమ్మినవారు చెప్పారు. ఉంది, కానీ అన్ని ఫైళ్లకూ కలిపి ఒక్కటే. చాలా డిజిటల్ కెమెరాలు ఆ నియమం పాటించకుండా స్థానిక సమయాన్నే రాసేస్తాయి. వాటికీ ఐదున్నర గంటలు కలిపితే రాత్రి 9 గంటల వీడియో మర్నాడు తెల్లవారుజాము 2.30కి చేరుతుంది. ఏ పరికరంతో తీశారో చూసి వేరువేరుగా లెక్కకట్టలేని ప్రోగ్రామ్‌కు ఈ పని అప్పగించకూడదు. ఐఫోన్ కెమెరా వీడియోల్లోనైతే `CreationDate` అనే మరో అంశంలో టైమ్‌జోన్‌తో సహా సరైన సమయం ఉంటుంది. నేను కొన్నది దాని జోలికే పోలేదు.

పేర్ల విషయంలో జరిగిన నష్టం తిరిగి పూడ్చలేనిది. పాత పేరు పూర్తిగా చెరిపేసి తేదీ, వరుస సంఖ్య మాత్రమే పెట్టింది. `VID-20190314-WA0007.mp4` వంటి వాట్సాప్ వీడియోకు ఆ పేరులోని తేదీయే చాలాసార్లు మిగిలిన ఒకే ఆధారం. అది కూడా వీడియో చేతికందిన తేదీయే, తీసిన తేదీ కాదు. అయినా అదైనా ఉండాలి కదా! `2016-01-01_001000_MVI_0423.mp4` లాగా తేదీ, సమయం, ఆ తర్వాత పాత పేరు ఉంచితే వరుసా చెడదు, ఆధారమూ పోదు. పైగా ఇది ఫైళ్లను కాపీ చేయదు, నేరుగా తరలిస్తుంది. ప్రోగ్రామ్ ఒకసారి మూసేస్తే వెనక్కి తిప్పే అవకాశం పోతుంది. డబ్బు వాపసు అడిగితే, ఫైళ్లు సర్దడం పూర్తయింది కాబట్టి ఇవ్వలేమన్నారు.

ఇలాంటిది కొనాలనుకుంటే, ముందు ఉచితంగా దొరికే ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో ఒక వీడియోలోని తేదీలన్నీ చూడండి:

```
exiftool -a -G1 -s -time:all video.mp4
```

`System` అని మొదలయ్యే వరుసలు డిస్కు ఇచ్చిన తేదీలు, వాటిని నమ్మవద్దు. `QuickTime`, `Keys` వరుసలు వీడియో లోపలివి. `CreateDate` దగ్గర అన్నీ సున్నాలుంటే తేదీ లేదని అర్థం. కొన్ని ప్రోగ్రామ్‌లు దాన్ని 1904గా చదువుతాయి, కాబట్టి ఎక్కడైనా 1904 ఫోల్డర్ కనిపిస్తే కారణం ఇదే.

తర్వాత మూడు వీడియోల కాపీలు తీసుకోండి: అర్ధరాత్రి దాటాక ఫోనులో తీసినది, రాత్రి పూట కెమెరాతో తీసినది, వాట్సాప్‌లో వచ్చినది. వీటిని ప్రోగ్రామ్ ట్రయల్‌లో పెట్టండి. ఏ ఫైలుకు ఏ తేదీని ఎక్కడి నుంచి తీసుకుందో తరలించకముందే చూపించాలి. తేదీ దొరకనివాటిని విడి ఫోల్డర్‌లో ఉంచాలి. ట్రయల్‌లో ఇవి కనిపించకపోతే డబ్బు కట్టకండి.