ఫొటోలో చీర అంచు మార్పించుకునే వారికి జాగ్రత్త: ముందుగా కుచ్చిళ్లు చూడండి

హనుమకొండలో ఇంటి నుంచే చీరలు అమ్ముతున్న నాకు ఈ మధ్య జరిగిన నష్టం, నాలాగే ఫొటోలు దిద్దించుకుని అమ్మకానికి పెట్టే వారెవరికీ జరగకూడదని ఈ వివరాలు రాస్తున్నాను. ఒకే మోడల్ కట్టుకున్న ఒకే చీర ఫొటోను తీసుకుని, అందులోని అంచు స్థానంలో మా దగ్గర నిజంగా ఉన్న వేరే చీరల అంచులను అమర్చి ఇస్తానని ఒక ఎడిటర్ ఒప్పుకున్నారు. ఫొటోకు 250 రూపాయల చొప్పున పన్నెండు ఫొటోలకు బేరం కుదిరింది, సగం డబ్బు ముందే ఇచ్చాను. ఫోన్ తెరమీద చూసినప్పుడు ఫొటోలు ముచ్చటగా కనిపించాయి కాబట్టి పెద్దది చేసి చూడకుండానే గ్రూపులో పెట్టాను, అదే నేను చేసిన పొరపాటు.

మొదటి ఫిర్యాదు కరీంనగర్ నుంచి వచ్చింది. సిద్దిపేట గొల్లభామ బొమ్మల అంచున్న చీర తీసుకున్న ఆమె ఫోన్ చేసి, "అక్కా, ఫొటోల అంచు ఆరంగుళాలు కనబడ్డది, టేపు పెట్టి కొలిస్తే మూడే ఉన్నది" అన్నారు. ఆమె మాట నిజమే. అసలు ఫొటోలోని చీరకు ఆరంగుళాల జరీ అంచు ఉంది, దాని స్థానంలో పెట్టవలసిన గొల్లభామ అంచు మూడంగుళాలది. ఎడిటర్ మూడంగుళాల అంచును పాత అంచు ఉన్నంత మేరా నిలువునా సాగదీసి నింపేశారు. కంప్యూటర్‌లో ఆ ఫొటోను పెద్దది చేసి చూస్తే గొల్లభామల మెడలు, చేతులు రెండింతలు పొడవై, నెత్తిమీది చల్లకుండ కోడిగుడ్డులా నిలువుగా సాగి ఉంది. అంచు వెడల్పు తగ్గినప్పుడు మిగిలిన మూడంగుళాల జాగాలో చీర ఒంటి రంగును, నేతను నింపాలి. అది వేరే పని, దానికి సమయం పడుతుంది, అందుకే దాన్ని వదిలేశారు.

ఆ తరువాత మిగతా పదకొండు ఫొటోలనూ వరుసగా పరిశీలించాను. అన్నింటిలోనూ పెద్ద తప్పు కుచ్చిళ్ల దగ్గరే కనిపించింది. అంచు డిజైన్‌ను పొడవాటి పట్టీలా తీసుకుని, ఫొటోషాప్‌లోని `Warp` తో కింది వంపుకు తగ్గట్టు ఒకేసారి వంచి, ఏడు కుచ్చిళ్ల మీదుగా అడ్డంగా పరిచేశారు. బొమ్మలు ఒక మడత మీద నుంచి పక్క మడత మీదికి ఎక్కడా తెగకుండా, గోడకు వేసిన రంగు పట్టీలా సాగిపోయాయి. చీర కట్టుకునే ఎవరికైనా ఇది అసాధ్యమని తెలుసు, ఎందుకంటే రెండు కుచ్చిళ్ల మధ్య కొంత గుడ్డ లోపలికి పోయి కంటికి కనిపించదు. కుచ్చి వెడల్పు ఐదంగుళాలు అనుకుంటే, ఒక కుచ్చి ముందు అంచు నుంచి తరువాతి కుచ్చి ముందు అంచుకు వచ్చేసరికి పది అంగుళాల గుడ్డ నడుస్తుంది. గొల్లభామ బొమ్మ నాలుగు అంగుళాలకు ఒకటి చొప్పున వస్తుంటే ఆ పది అంగుళాల్లో రెండున్నర బొమ్మలు గడిచిపోతాయి. అంటే మొదటి కుచ్చి అంచున బొమ్మ నడుము కనిపిస్తే, రెండో కుచ్చి అంచున రెండు బొమ్మల మధ్య ఖాళీ కనిపించాలి. మామూలుగా వంచడం వల్ల డిజైన్ సాగుతుంది, వంగుతుంది, అంతే తప్ప మధ్యలో తెగి ముందుకు దూకదు. కాబట్టి ప్రతి కుచ్చికీ అంచు ముక్కను విడిగా కత్తిరించి, డిజైన్‌ను తగినంత ముందుకు జరిపి, విడిగా వంచి, మడత గీత దగ్గర మాస్క్‌తో ఆపవలసిందే.

మరో లోపం అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఒక ఫొటోలో గొల్లభామ నెత్తిమీది కుండ చిన్నచిన్న అలలుగా వణికినట్టు ఉంది, దాని వెనుక నెమలి తోక ఛాయ లీలగా తెలుస్తోంది. ఆ నెమలి పాత జరీ అంచులోనిది. మడతల మీద డిజైన్ సహజంగా ఒరిగేందుకు `Displace` అనే ఫిల్టర్ వాడతారు. అది ఒక నలుపు తెలుపు ఫొటోను పటంగా తీసుకుని, మధ్యస్థ బూడిద రంగు ఉన్నచోట డిజైన్‌ను కదపకుండా, తెలుపున్నచోట ఒక వైపుకూ నలుపున్నచోట ఎదురు వైపుకూ జరుపుతుంది. పటంలో మడతల వెలుగునీడలు మాత్రమే ఉంటే అది చక్కగా పనిచేస్తుంది. జరీ నెమళ్లు కూడా ఉంటే వాటి మెరుపును సైతం మడతగానే లెక్కవేస్తుంది, అందుకే కుండ వణికింది. ఆ పైన నీడల కోసం పాత ఫొటోనే `Multiply` లో కలిపారు కాబట్టి నెమలి మళ్లీ కనిపించింది, కొత్త జరీ మెరుపు చచ్చి పాత ఇత్తడిలా మారింది. సాదా అంచున్న లేత రంగు చీరతో తీసిన ఫొటో మీద తప్ప ఈ పని చేయించవద్దని నేను గట్టిగా చెబుతాను. ఎంత నేర్పున్నవారైనా పాత డిజైన్‌ను మొత్తంగా తుడవడం చాలా కష్టం.

తరువాత హనుమకొండలోనే మరో అబ్బాయి దగ్గర కూర్చుని ఒక ఫొటోను మొదటి నుంచీ చేయించాను. హాఫ్ వైట్ సాదా చీరను మోడల్‌కు కట్టి, కిటికీ వెలుగు పక్క నుంచి పడేలా నిలబెట్టి తీశాం. గొల్లభామ అంచును బల్లమీద సాపుగా పరిచి, పక్కన టేపు పెట్టి పైనుంచి తీశాం, దానివల్ల వెడల్పు విషయంలో ఊహకు తావు లేకుండా పోయింది. అతను ప్రతి కుచ్చి ముక్కనూ `Smart Object` గా ఉంచి వంచాడు, అలా ఉంచితే తరువాత ఎన్నిసార్లయినా నాణ్యత పోకుండా సరిదిద్దుకోవచ్చు. పటాన్ని కొంచెం మసకబార్చి `.psd` గా దాచాడు, ఎందుకంటే నేత పోగులు స్పష్టంగా ఉన్న పటం పెడితే అంచు రంపపు పళ్లలా తయారవుతుంది. జరీ మెరుపును నీడలతో కలపకుండా `Screen` లో వేరే పొరగా వేశాడు. ఆ ఒక్క ఫొటోకు పూటంతా పట్టింది. అది చూశాక, 250 రూపాయలకు ఈ పని నిజాయితీగా జరిగే అవకాశం లేదని నాకు అర్థమైంది.

కొంగు మెలితిరిగి వెనుక వైపు కనిపించే ఫొటోలకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదని అతనే చెప్పాడు. అంచు వెనుక వైపు పోగులు వేరుగా ఉంటాయి కాబట్టి, అక్కడ ముందు వైపు డిజైన్ పెడితే చీర గురించి అబద్ధం చెప్పినట్టే అవుతుంది. అలాంటి చీరను కట్టించి ఫొటో తీయడం ఒక్కటే దారి. బ్లౌజు చేతి అంచు కొంత సులువు, అయితే చేయి గుండ్రన కాబట్టి పక్కలకు వెళ్లే కొద్దీ బొమ్మలు దగ్గరై సన్నబడాలి. నాకు వచ్చిన ఫొటోల్లో అవి ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే వెడల్పుతో ఉన్నాయి.

మీరు ఎవరికైనా ఈ పని అప్పగిస్తే, అడ్వాన్స్ ఇవ్వకముందే మూడు కుచ్చిళ్లు ఉన్న ఒక్క ముక్కను నమూనాగా చేసి చూపమనండి. పొరలు విడిగా ఉన్న `.psd` ఫైల్ ఇస్తారని, అంచు వెడల్పు టేపు కొలతకు సరిపోతేనే మీరు మిగతా డబ్బు ఇస్తారని వాట్సాప్‌లో రాయించుకోండి. నాకు `.jpg` లు మాత్రమే వచ్చాయి, వాటిలో దిద్దడానికి ఏమీ మిగలలేదు. కరీంనగర్ ఆమెకు చీర డబ్బుతో పాటు రానుపోను కొరియర్ ఖర్చులు కూడా ఇచ్చాను. పన్నెండు ఫొటోలనూ తీసేశాను. వాటిని చూసి నా దగ్గర చీర తీసుకున్నవారు ఇంకా ఎవరైనా ఉంటే, అంచు కొలిచి నాకు చెప్పండి, తేడా ఉంటే చీర వెనక్కి తీసుకుంటాను.