ధర పెంచడమా, తగ్గించడమా: జీడిపప్పు కొట్టు లెక్క

విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌లో ఒక వర్తకుడు కిలో 600 రూపాయలకు తెచ్చిన పలాస జీడిపప్పును 800కు, వారానికి 50 కిలోల చొప్పున అమ్ముతున్నాడనుకుందాం. ధర ఒక శాతం మారితే అమ్మకం ఎన్ని శాతం మారుతుందో చెప్పేది డిమాండ్ ధర వ్యాకోచత్వం: E = (dQ/dP) × (P/Q), ఇందులో P ధర, Q అమ్మకం, dQ/dP ధర కొద్దిగా మారినప్పుడు అమ్మకం మారే రేటు. ఇది సాధారణంగా రుణసంఖ్యే. గుర్తు వదిలేసి 2 అనుకుందాం.

5 శాతం పెంచితే: ధర 840, అమ్మకం 45 కిలోలు. రాబడి 40,000 నుంచి 37,800కు తగ్గినా, లాభం 10,000 నుంచి 10,800కు పెరుగుతుంది.

5 శాతం తగ్గిస్తే: ధర 760, అమ్మకం 55 కిలోలు. గల్లాపెట్టెలో 41,800 కళకళలాడుతుంది గానీ, లాభం 8,800కు పడిపోతుంది.

వ్యాకోచత్వం 1 దాటితే ధర పెంచరాదన్న సూత్రం రాబడికే వర్తిస్తుంది. లాభానికి హద్దు వేరు: ధరను కిలోకు మిగిలే సొమ్ముతో భాగించాలి, ఇక్కడ 800/200, అంటే 4.

పెంచి చూసే ప్రయోగాన్ని దీపావళి వారంలో చేస్తే, పండుగ గిరాకీ వల్ల అమ్మకం తగ్గకపోవడాన్ని ధర ప్రభావమని పొరబడతాం. పైగా ఈ లెక్క చిన్న మార్పులకే నమ్మదగినది.

ఇళ్లకు కొద్దికొద్దిగా కొనే పాత ఖాతాదారులే ఎక్కువైతే వ్యాకోచత్వం 4 లోపే ఉండవచ్చు, అప్పుడు పెంచడం మేలు. పక్క కొట్టు ధర అడిగి వచ్చే మిఠాయి దుకాణదారులే ఎక్కువైతే అది 4 దాటవచ్చు, అప్పుడు తగ్గించడమే లాభం.