అగ్రిమెంటు రోజే బ్రోకరుకు పూర్తి కమీషన్ ఇవ్వకండి: కావలిలో స్థలం కొనబోయి నేను నష్టపోయిన తీరు

కావలిలో ఇల్లు కట్టుకుందామని 25 అంకణాల స్థలాన్ని, అంటే 200 గజాలను, 30 లక్షల రూపాయలకు బేరం చేసుకున్నాను. అగ్రిమెంటు రాసుకున్న రోజే బ్రోకరు రెండు శాతం లెక్కన 60,000 రూపాయల కమీషన్ మొత్తం తీసుకున్నారు.

స్థలం చనిపోయిన తండ్రిది. ఇద్దరు కొడుకులు రిజిస్టరు భాగపత్రం రాసుకుని అమ్ముతున్నారు. ముప్పై ఏళ్ల ఈసీలో, అంటే రిజిస్ట్రారు ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, ఏ చిక్కూ కనిపించలేదు. అయితే మా వకీలు గారు తండ్రి కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం అడగగా, అందులో ఒక కూతురు కూడా ఉన్నారని తేలింది. అన్నదమ్ముల పేర్లతో ఈ-కోర్ట్స్ సైటులో వెతికితే, ఆమె తన భాగం కోసం వేసిన దావా ఇంకా నడుస్తూనే ఉంది. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన దస్తావేజులే. వారసత్వ హక్కుగానీ, కోర్టులో ఉన్న దావాగానీ మామూలుగా అందులోకి రావు. దావా నడుస్తుండగా కొన్నవారు ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షను ప్రకారం ఆ తీర్పుకు కట్టుబడవలసిందే కనుక, నేను వెనక్కి తగ్గాను.

అమ్మకందారులు అడ్వాన్సు తిరిగి ఇచ్చారు. బ్రోకరు మాత్రం అగ్రిమెంటు చేయించడంతో తన పని పూర్తయిందన్నారు. నన్ను ఎక్కువగా బాధించిన సంగతి ఆ తరువాత తెలిసింది: నాకన్నా ముందు ఇదే స్థలం చూసి మానుకున్న ఒకరు, ఆ దావా గురించి బ్రోకరుకు అప్పుడే వాట్సాప్‌లో రాశారు. ఆ సందేశాన్ని ఆయన దయతో నాకు పంపారు.

దాన్ని జతచేసి వకీలు ద్వారా రిజిస్టరు పోస్టులో నోటీసు పంపాను. కాంట్రాక్టు చట్టం 219వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, అప్పగించిన పని పూర్తయ్యే వరకు ఏజెంటుకు ప్రతిఫలం రాదు. 220వ సెక్షను ప్రకారం, ఏ పనిలో ఏజెంటు తప్పుగా నడుచుకున్నారో ఆ పనికి ప్రతిఫలం అడిగే హక్కు ఉండదు. అయితే కమీషన్ అగ్రిమెంటు నాడే చెల్లించాలని కాగితం మీద రాసి ఉంటే 219 పెద్దగా పనికిరాదు, బ్రోకరుకు ముందే తెలుసని చూపలేకపోతే 220 నిలవడం కష్టం. నా దగ్గర ఆ సందేశంతో పాటు, ఫోన్‌పేలో "స్థలం కమీషన్" అని రాసి పంపిన చెల్లింపు వివరం ఉండటమే నాకు ఆధారమైంది. నగదుగా ఇచ్చి ఉంటే, అసలు ఇచ్చానని రుజువు చేయడానికే తిప్పలు పడేవాడిని.

నోటీసు అందాక బ్రోకరు 35,000 రూపాయలు తిరిగి ఇచ్చి, ఇక బాకీ ఏమీ లేదని రాసిన కాగితం మీద సంతకం అడిగారు. నేను అందుకు ఒప్పుకోక, ముట్టిన మొత్తానికి మాత్రమే రసీదు రాసి ఇచ్చాను. మిగిలిన 25,000 కోసం నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు సిద్ధం చేస్తున్నాను. చెల్లించిన ప్రతిఫలం ఐదు లక్షల లోపు అయితే అక్కడ ఫీజు లేదు, కాని వ్యాజ్య కారణం ఏర్పడిన రెండేళ్లలోపు వేయాలి.

మీరు బ్రోకరు ద్వారా కొనేటట్లయితే, "కమీషన్ రిజిస్ట్రేషన్ నాడే చెల్లించబడును; హక్కు లోపం వల్ల బేరం రద్దయితే, ముందుగా తీసుకున్నది పూర్తిగా వాపసు ఇవ్వబడును" అని రాయించి, ఆయన సంతకం తీసుకున్న తరువాతే డబ్బు ఇవ్వండి.