ఆరేళ్ల వాడకం తర్వాత: రక్తంలో కీటోన్లు చూసే మీటర్

నాకు టైప్ 1 షుగర్ ఉన్నట్టు బయటపడి 22 ఏళ్లయింది. ఎనిమిదేళ్లుగా ఇన్సులిన్ పంపు వాడుతున్నాను. వేలి చివర రక్తపు చుక్కతో కీటోన్లు కొలిచే మీటర్‌ను మాత్రం ఆరేళ్ల క్రితమే కొన్నాను, అదీ ఒక రాత్రి నాకు బుద్ధి చెప్పిన తర్వాత. కంపెనీ పేరు రాయను. ఈ రకం మీటర్లు కొన్ని ఉన్నాయి, పని చేసే తీరు దాదాపు ఒకటే. అయినా మీటర్ గురించి చెప్పాలంటే ముందు ఆ రాత్రి గురించి చెప్పాలి. లేకపోతే ఇంత ఖరీదైన స్ట్రిప్‌లు ఎందుకు కొంటున్నానో ఎవరికీ అర్థం కాదు.

మే నెల, దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇల్లు. రాత్రి 9 గంటలకు పొట్ట మీద పంపు సెట్ మార్చుకుని, భోంచేసి పడుకున్నాను. చర్మం కిందకు వెళ్లాల్సిన సన్నని ప్లాస్టిక్ గొట్టం, అంటే కాన్యులా, లోపలికి దిగకుండా మడత పడిందని నాకు తెలియదు. ఇన్సులిన్ పూర్తిగా అడ్డుపడి ఉంటే పంపు అరిచేది. కానీ అది చర్మం మీదికే కారిపోతోంది కాబట్టి, పంపు దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది.

తెల్లవారుజామున 3 గంటలకు దాహంతో మెలకువ వచ్చింది. షుగర్ 318. పంపు నుంచే అదనపు డోసు ఇచ్చి, చెంబుడు నీళ్లు తాగి మళ్లీ పడుకున్నాను. ఇన్సులిన్ వెళ్లని దారిలోనే ఇంకొంచెం ఇన్సులిన్ పంపానన్నమాట. నా తప్పుల్లో మొదటిది ఇదే.

పంపులో ఉండేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే. పెన్నుతో రోజుకోసారి వేసుకునే దీర్ఘకాలపు ఇన్సులిన్ లాగా చర్మం కింద నిల్వ ఉండదు. సరఫరా ఆగిన నాలుగైదు గంటలకు ఒంట్లో దాదాపు ఏమీ మిగలదు. అప్పుడు షుగర్ పెరగడం ఒక్కటే జరిగితే ఇంత ప్రమాదం ఉండేది కాదు. కొవ్వు కణాలను అదుపులో ఉంచేది కూడా ఇన్సులినే. ఆ అదుపు తప్పితే అవి కొవ్వును కరిగించి రక్తంలోకి వదులుతాయి, కాలేయం ఆ కొవ్వు ఆమ్లాలను కీటోన్లుగా మారుస్తుంది. వాటిలో ముఖ్యమైన రెండు, బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్, అసిటో అసిటేట్, ఆమ్లాలు. ఒంటికి తిండి లేదనుకుని కాలేయం ఓ పక్క కీటోన్లు, మరో పక్క చక్కెర తయారు చేస్తూనే ఉంటుంది. చక్కెర రక్తంలో నిండుగా ఉన్నా సరే.

ఉదయం 5:30కి వాంతి అయింది, కడుపు నొప్పి మొదలైంది. ముందు రోజు బయట తిన్న తిండి మీద నెపం పెట్టాను. అక్కడ నేను గమనించాల్సిన విషయం ఒకటుంది. వాంతులతో నీరు పోతే మూత్రం తగ్గిపోవాలి. నాకు మాత్రం పెదవులు అట్టకట్టి, నాలుక అంగిటికి అంటుకుపోతున్నా, అరగంటకోసారి బాత్రూముకు పరుగెత్తాల్సి వస్తోంది. రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే మూత్రపిండాలు దాన్నంతా తిరిగి లాక్కోలేవు. మిగిలిన చక్కెర మూత్రంలోకి పోతూ నీటిని వెంట తీసుకుపోతుంది. సోడియం, పొటాషియం కూడా పోతాయి. తాగిన నీళ్లు వాంతిలో బయటకు, ఉన్న నీళ్లు మూత్రంలో బయటకు. ఆ రోజు ఆసుపత్రిలో తూచినప్పుడు ఎప్పుడూ ఉండే 62 కిలోలకు రెండున్నర కిలోలు తగ్గి ఉన్నాను. అదంతా దాదాపు నీరే.

ఇంట్లో ఉన్నది మూత్రంలో ముంచే కీటోన్ స్ట్రిప్. ముంచితే లేత గులాబీ రంగు వచ్చింది, డబ్బా మీది చార్టులో 'కొద్దిగా' అన్న గడి రంగు. పరవాలేదనుకున్నాను. రెండో తప్పు అది. ఆ స్ట్రిప్ పట్టుకునేది అసిటో అసిటేట్‌నే. ఒంట్లో ఆమ్లం ముదిరేకొద్దీ కీటోన్లలో ఎక్కువ భాగం బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్‌గా ఉంటుంది. అది రెండోదానికి మూడింతల నుంచి పదింతల దాకా ఉండవచ్చు, స్ట్రిప్‌కు అది కనిపించదు. పైగా మూత్రం చెప్పేది అంతకు ముందు గంటల సంగతి.

8 గంటలకు అమ్మ గదిలోకి వచ్చి నిలబడిపోయింది. "ఒరే, మెట్లెక్కి వచ్చినవాడిలా ఎందుకురా అలా ఊపిరి తీస్తున్నావు? నోట్లోంచి మురిగిపోయిన పండు వాసన వస్తోంది" అంది. అప్పటిదాకా నా శ్వాసను నేనే గమనించలేదు. ఛాతీ నిండుగా లాగి, పూర్తిగా వదిలి, మధ్యలో ఆగకుండా వెంటనే మళ్లీ లాగుతున్నాను. మనసు పెట్టి నెమ్మదిగా తీసుకుందామంటే కుదరలేదు. నాకు గాలి అందడం లేదని కాదు, ఎవరో వెనక నిలబడి తోలుతున్నట్టు ఉంది.

వీధి చివర క్లినిక్‌లో వేలికి ఆక్సిమీటర్ పెట్టారు. 98. ఆయాసం అనుకుని నెబ్యులైజర్ మాస్క్ తగిలించారు. ఆ యువ వైద్యుడి మీద నాకు కోపం లేదు కానీ, ఆయన చూసిన 98 నిజానికి ఒక ఆధారం. ఉబ్బసంలో పిల్లికూతలు వినపడతాయి, వదిలే ఊపిరి కష్టమవుతుంది. ఇక్కడ ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, ఆక్సిజన్ నిండుగా ఉంది, అయినా శ్వాస లోతుగా, వేగంగా నడుస్తోంది. అంటే కొరత ఆక్సిజన్‌ది కాదు, తోసేయాల్సింది కార్బన్ డై ఆక్సైడ్. కీటోన్ల ఆమ్లాన్ని రక్తంలోని బైకార్బొనేట్ తటస్థం చేస్తూ తాను తరిగిపోతుంది. మిగిలిన ఆమ్లతను తగ్గించడానికి మెదడుకు ఉన్న తక్షణ మార్గం ఒకటే, కార్బన్ డై ఆక్సైడ్‌ను ఊపిరితో బయటకు ఊదేయడం. జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్మౌల్ 1874లో ఈ శ్వాసను వర్ణించాడు, అందుకే వైద్యులు దీన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. నెబ్యులైజర్ దీన్ని ఆపలేదు. నిద్రమాత్ర ఇచ్చి ఆపితే ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఆ కాసేపు మనిషిని నిలబెడుతున్నది ఆ శ్వాసే.

అమ్మే పట్టుబట్టి ఆటోలో పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లింది. అత్యవసర విభాగంలో చొక్కా పైకెత్తిన నర్సు, "ఇక్కడ తడిగా ఉందేమిటండీ?" అని అడిగింది. పొట్ట దగ్గర బనియను చెమ్మగా, ఆసుపత్రి వాసన వేస్తోంది. ఇన్సులిన్‌లో కలిపే నిల్వ మందుకు ఆ వాసన ఉంటుంది. సెట్ పీకితే కాన్యులా సగంలో గింజ మొలకలా వంగి ఉంది.

రిపోర్టు కాగితం ఇప్పటికీ దాచుకున్నాను. షుగర్ 436, రక్తంలో కీటోన్ 6.8, పీహెచ్ 7.23, బైకార్బొనేట్ 9, కార్బన్ డై ఆక్సైడ్ పీడనం 22. మామూలుగా పీహెచ్ 7.4 దగ్గర, బైకార్బొనేట్ 24 దగ్గర, కార్బన్ డై ఆక్సైడ్ 40 దగ్గర ఉండాలి. ఆ 22 నా ఊపిరి చేసిన చాకిరి. అది 40 దగ్గరే ఉండిపోయి ఉంటే, అదే బైకార్బొనేట్‌తో పీహెచ్ 7 కంటే కిందకు జారేది.

ముందు సెలైన్, మొదటి గంటలో దాదాపు లీటరు. తర్వాత గంటకు ఇన్ని యూనిట్లని లెక్కకట్టి నరంలోకి ఇన్సులిన్. మధ్యాహ్నానికి షుగర్ 240కి దిగింది. ఇక ఆపేయవచ్చు కదా అన్నాను. "షుగర్ దిగింది, కీటోన్ ఇంకా 3.1 ఉంది. ఇన్సులిన్ ఆపం, షుగర్ పడిపోకుండా డెక్స్‌ట్రోజ్ కలుపుతాం" అంది డ్యూటీ డాక్టరు. సెలైన్‌లో పొటాషియం కూడా కలుపుతుంటే, పొద్దున 5.4 ఉందన్నారు కదా, ఎక్కువే కదా అని అడిగాను. "అది కణాల్లోంచి రక్తంలోకి వచ్చి నిలిచినదండీ. ఒంట్లో మొత్తంగా తక్కువే ఉంది. ఇన్సులిన్ పడేసరికి లోపలికి వెళ్లిపోయింది, ఇప్పుడు 3.6" అంది. చీకటి పడే వేళకు ఊపిరి దానంతట అదే నెమ్మదించింది. ఆ వేగం ఎప్పుడు తగ్గిందో తెలియలేదు.

ఇక మీటర్. చుక్క పెట్టిన పది సెకన్లలో బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్‌ను చూపిస్తుంది, అంటే మూత్రపు స్ట్రిప్‌కు అందని దాన్నే. 0.6 లోపు అయితే నిశ్చింత. 1.5 చేరితే వెంటనే డాక్టరుకు ఫోను చేస్తాను. 3 చేరితే ఇంట్లో ఉండను, ఆసుపత్రికే. వాంతులవుతుంటే అంకె ఎంతన్నది చూడకుండానే వెళ్తాను.

లోపాలు లేకపోలేదు. షుగర్ స్ట్రిప్‌తో పోలిస్తే దీని స్ట్రిప్ చాలా ఖరీదు. పది స్ట్రిప్‌లు విడివిడి రేకుల్లో వస్తాయి, వణికే చేతులతో ఆ రేకు చింపడం ఒక పరీక్ష. చుక్క కాస్త పెద్దదిగా ఉండాలి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు వేలి నుంచి రక్తం రావడమే కష్టం. చేతులు గోరువెచ్చని నీళ్లతో కడుక్కుని, వేలిని మొదలు నుంచి పైకి నెడితే గానీ రాదు. చిన్న చుక్క పెట్టి మూడు స్ట్రిప్‌లు తగలేసిన రోజులున్నాయి. సగం పెట్టె వాడకముందే గడువు దాటిపోతుంది.

అంకెను ఒంటరిగా చదవకూడదన్న సంగతి నాకు శివరాత్రి నేర్పింది. ఉపవాసం రోజు సాయంత్రం షుగర్ 112, కీటోన్ 0.9. గుండె జారింది. ఉదయానికి 0.8. పంపు నుంచి సన్నగా ఇన్సులిన్ వెళ్తూనే ఉంది, కొవ్వుకు కళ్లెం వేయడానికి ఆ కాస్త చాలు. చక్కెరను కణాల్లోకి పంపడానికి కావాల్సిన దానికంటే తక్కువ ఇన్సులిన్‌తోనే కొవ్వు కరగడం తగ్గుతుంది. టైప్ 2 వారిలో షుగర్ 400 ఉన్నా చాలామందికి కీటోన్లు పేరుకోకపోవడానికి కారణం ఇదే. ఉపవాసం సంగతి విన్న మా డాక్టరు మాత్రం సంతోషించలేదు.

రెండేళ్ల క్రితం అదే మడత మళ్లీ పడింది. రాత్రి 1 గంటకు షుగర్ 287, కీటోన్ 1.3. ఈసారి పంపును నమ్మలేదు. డాక్టరు ముందే రాసిచ్చిన లెక్క ప్రకారం పెన్నుతో వేసుకుని, సెట్ పీకి వేరే చోట కొత్తది పెట్టి, నీళ్లు తాగుతూ గంట గంటకూ చూశాను. 2కి 1.5. అప్పుడే డాక్టరుకు ఫోను చేశాను. 3కి 0.9, 4కి 0.4. ఊపిరి ఎప్పటిలాగే నడిచింది. అమ్మ నిద్రలేవలేదు.

అయిదుకు నాలుగు మార్కులు వేస్తాను. ఒక మార్కు ఆ రేకుకు కోత. ప్రస్తుతం పెట్టెలో మూడు స్ట్రిప్‌లున్నాయి, గడువు ఆగస్టు దాకా.