నాలుగేళ్ల ల్యాప్‌టాప్, ఒక ఖాళీ స్లాట్

2022లో ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు నాన్న 45 వేలు దాటొద్దన్నారు. రైజెన్ 5 5500యూ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నది తీసుకున్నాం. ఇప్పుడు ఫైనలియర్ అయిపోవస్తోంది, ఇంకా దాంతోనే నెట్టుకొస్తున్నాను. ఇన్నాళ్లు రావడానికి కారణం లోపల ఖాళీగా పడి ఉన్న ఒక ర్యామ్ స్లాట్. కొనేటప్పుడు అది ఉందన్న సంగతే నాకు తెలియదు.

మొదటి రెండేళ్లూ సీ, పైథాన్, జావా ల్యాబులే. వాటికి ఏదైనా సరిపోతుంది. అందుకే జూనియర్లు ఎవరడిగినా "8 జీబీ చాలు, డబ్బులు ప్రాసెసర్ మీద పెట్టండి" అని ధీమాగా చెప్పేవాణ్ని.

థర్డియర్ మినీ ప్రాజెక్టుకి ఆండ్రాయిడ్ యాప్ తీసుకున్నాక ఆ ధీమా పోయింది. ఆండ్రాయిడ్ స్టూడియో, స్క్రీన్ మీదే ఫోన్‌లా నడిచే ఎమ్యులేటర్, క్రోమ్‌లో నాలుగు ట్యాబులు. అంతే, మౌస్ కూడా కదల్లేదు. రివ్యూకి రెండు రోజులే ఉంది, ఒకటే టెన్షన్. వైరస్ అనుకుని విండోస్ మళ్లీ వేశాను, ఒక రాత్రి వృథా. చివరికి టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ వాడకం 25 శాతం కూడా లేదు, మెమరీ 96, డిస్క్ 100. అంటే ప్రాసెసర్ ఖాళీగానే కూర్చుంది. మెమరీలో చోటు లేక విండోస్ సరుకంతా ఎస్‌ఎస్‌డీ మీదికి తోస్తోంది, మళ్లీ తెచ్చుకుంటోంది. ఎస్‌ఎస్‌డీ ఎంత ఫాస్ట్ అయినా ర్యామ్‌కి సాటి రాదు.

అసలు మంట ఇంకోచోట. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో కింద `Hardware reserved: 2.1 GB` అని ఉంది. ఈ బడ్జెట్‌లో వచ్చే చాలావాటిలో గ్రాఫిక్స్‌కి విడిగా మెమరీ ఉండదు, ఉన్న ర్యామ్‌లోంచే తీసుకుంటుంది. నా దాంట్లో బయోస్ రెండు జీబీ ముందే పక్కన పెట్టేసింది, తగ్గించే ఆప్షన్ కూడా ఇవ్వలేదు. 8కి డబ్బు కట్టి ఆరుకి కాస్త తక్కువే వాడుతున్నానన్నమాట!

దాని పక్కనే `Slots used: 1 of 2` అని కనిపించింది.

మర్నాడు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి 1,700కి 8 జీబీ డీడీఆర్4 స్టిక్ తీసుకున్నాను. అది 2024 మాట, ఈమధ్య ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి. షాపతను వెనక మూత తీసి, ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, స్టిక్‌ని ఏటవాలుగా పెట్టి నొక్కాడు. టక్‌మంది. ఆన్ చేస్తే స్క్రీన్ నల్లగానే ఉంది. పది సెకన్లు, ఇరవై, ముప్ఫై. నాకు చెమటలు.

"ఆగు తమ్మీ, కొత్త ర్యామ్‌ని చూసుకుంటుంది. మొదటిసారి గట్లనే లేటైతది" అన్నాడు.

నిమిషానికి లోగో వచ్చింది. రివ్యూలో ఎమ్యులేటర్ ఒక్కసారి కూడా ఆగలేదు. ఒకేలాంటి స్టిక్కులు రెండు పడటంతో ర్యామ్ దారి కూడా వెడల్పయింది, దాంతో గ్రాఫిక్స్ కూడా కాస్త నునుపెక్కింది. అది నేను అనుకోలేదు.

ఇదే కథ మా ఫ్రెండ్‌కి వేరేగా ముగిసింది. ఈసెట్ రాసి సెకండియర్‌లో చేరాడు, 2023లో కొన్నాడు. నంబర్ పెద్దది, కొత్తది అని రైజెన్ 5 7520యూ ఉన్నది తీసుకున్నాడు. నాదాంట్లో ఆరు కోర్లు, దాంట్లో నాలుగే. పైగా ఆ చిప్ ఎల్‌పీడీడీఆర్5 మెమరీతోనే నడుస్తుంది. ఆ మెమరీ బోర్డుకే అతికి ఉంటుంది, స్లాటనేదే ఉండదు. బరువు తక్కువ, నోట్స్ చదువుకోవడానికి హాయిగానే ఉంటుంది. కానీ 8 అంటే ఎప్పటికీ 8 జీబీయే. షాపులో మెషిన్ ఆన్ చేసి ఉంటే Ctrl+Shift+Esc నొక్కి, టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ కింద మెమరీ పేజీలో `Form factor` చూస్తే చాలు. `Row of chips` అని ఉంటే అతికించినదని అర్థం. స్లాట్ల సంఖ్యని మాత్రం పూర్తిగా నమ్మొద్దు, కొన్ని మోడళ్లలో తప్పు చూపిస్తుంది. మోడల్ నంబర్‌తో స్పెక్ షీట్ కూడా చూసుకోవాలి.

స్టోరేజీకి నేను అంత భయపడను. ఎస్‌ఎస్‌డీ చాలావాటిలో తర్వాత మార్చుకోవచ్చు. ప్రాసెసర్‌నీ, అతికించిన ర్యామ్‌నీ మాత్రం కొన్న రోజే తేల్చుకోవాలి. ఇప్పుడైతే ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగైనా ఖాళీ స్లాట్ ఉన్నదే తీసుకుంటాను.

ఇది సీఎస్ఈ వాడి లెక్క. మెకానికల్, సివిల్ వాళ్లకి గ్రాఫిక్స్ అవసరం వేరు, నాకు తెలిసింది వాళ్లకి పనికిరాకపోవచ్చు. నా బ్యాటరీ కూడా ఇప్పుడు గంటన్నరే వస్తోంది, ఘట్‌కేసర్ బస్సులో స్క్రీన్ మీద ఎండ పడితే ఏమీ కనపడదు.

మా ఫ్రెండ్ ఎమ్యులేటర్ మానేశాడు. కేబుల్‌తో తన ఫోన్ తగిలించి యాప్ అందులోనే టెస్ట్ చేస్తున్నాడు, క్రోమ్ మాత్రం మూసేయాలి. నిన్న వచ్చి, "నీదాంట్లో ఇంకా ఎంత పడుతుంది రా?" అని అడిగాడు.