నాలుగేళ్లుగా గొర్రె బొచ్చు కత్తిరించే కరెంటు మిషన్: నా అనుభవం

మావి సిద్దిపేట వైపు నల్ల దక్కనీ గొర్రెలు, అరవై దాకా ఉంటాయి. ఏడాదికి రెండు కోతలు. చలి వెళ్లి ఎండ ముదరకముందు ఒకటి, వానలు వెనకబట్టాక ఇంకొకటి. నాలుగేళ్ల కింద కరెంటు మిషన్ కొన్నాను. కత్తెరతో నలుగురం రెండు రోజులు చేసే పని ఇప్పుడు ఇద్దరం ఒకటిన్నర రోజులో ముగిస్తున్నాం. మిషన్ పనిలో నాకు లోటేమీ కనిపించలేదు. పొరపాటు నా చేతిలోనే జరిగింది.

మొదటి కోత బొచ్చు గొంగడి నేసే ఇంటికి తీసుకెళ్లాను. అక్కడి ముసలమ్మ గుప్పెడు తీసి విదిలిస్తే గోరంత ముక్కలు రాలాయి. "బిడ్డా, గీ ముక్కలు కదురుకు నిలువయి" అని సగం మూట పక్కకు తోసింది. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. నేను చర్మానికి ఆనించకుండా పైపైన లాగి, మిగిలిన గరుకును మళ్లీ గీసేవాడిని. ఆ రెండో గీతలో వచ్చేదంతా పొట్టి ముక్కలే. ఇప్పుడు ఎడమచేత్తో చర్మం బిగబట్టి, మిషన్ దువ్వెన పళ్లు చర్మానికి చదునుగా ఆనించి ఒకే పట్టున పొడుగ్గా తోస్తాను. ఎక్కడైనా గరుకు మిగిలితే వదిలేస్తాను.

గొర్రెను పిర్రల మీద కూర్చోబెట్టి, వీపును నా మోకాళ్లకు ఆనించుకుంటే కాళ్లు కట్టే పని లేదు. ముందు పొట్ట, తర్వాత పక్కలు, వీపు. పొదుగు, చన్నుల దగ్గర చెయ్యి అడ్డం పెట్టాలి. ముందు రాత్రి మేత పెట్టకపోతే తక్కువ తన్నుకుంటుంది. ఈనే రోజులు దగ్గరపడ్డ వాటిని మాత్రం ముట్టుకోను.

కోతకు ముందు గొర్రెలను చెరువులో కడిగాక కనీసం రెండు రోజులు ఎండ తగలాలి. తడి ఉంటే బొచ్చు మూటలోనే ముక్కిపోతుంది. కడగకపోతే ఇసుకకు బ్లేడు మొద్దుబారుతుంది. బొచ్చు తెగకుండా లాగుతుంటే బ్లేడు పదును పోయినట్టే. నాలుగైదు గొర్రెలకోసారి నూనె చుక్క వేసి, బ్లేడును ముంజేతికి తాకిస్తాను. చురుక్కుమంటే ఆపేస్తాను, లేదంటే గొర్రె చర్మం కాలుతుంది. గాటు పడితే పసుపు, వేపనూనె. వానాకాలం చివర్లో ఈగలు వాలి పురుగులు పడతాయి కాబట్టి మూడు రోజులు చూస్తూ ఉండాలి.

అమ్మకానికి పొట్ట బొచ్చు, పేడ అంటిన తోక బొచ్చు వేరు. గొర్రెపిల్లల మొదటి కోత మెత్తన, దాన్ని విడిగా కడతాను. యూరియా సంచుల్లో మాత్రం నింపొద్దు. ఆ తెల్ల ప్లాస్టిక్ పోగులు నల్ల బొచ్చులో కలిస్తే ఏరలేం, గొంగడిలో తెల్లగా తేలతాయి. గోనె సంచీ కూడా తిరగేసి దులిపి వాడతాను.

ఈ మధ్య ఆ ముసలమ్మ మూట విప్పకుండానే తూకం వేయించుకుంటోంది. అయినా పిల్లల మొదటి కోతకు ఇప్పటికీ పాత కత్తెరే తీస్తాను. మిషన్ చప్పుడుకు అవి బెదిరిపోతాయి.